మూడు కిలోవాట్లా, ఐదు కిలోవాట్లా? సోలార్ కొటేషన్‌లోని ‘మూడేళ్ల’ లెక్క ఎంతవరకు నిజం?

ఇంటి మీద సోలార్ పెట్టించుకుందామని ఎవరైనా వెండర్‌ని పిలిస్తే చేతికొచ్చే కాగితంలో చివరి పేజీ దాదాపు ఒకేలా ఉంటుంది. మొత్తం ఖర్చు, అందులోంచి తీసేసిన సబ్సిడీ, నెలకి మిగిలే డబ్బు, ఆ కింద పెద్ద అక్షరాలతో ‘మూడేళ్లలో మీ పెట్టుబడి వెనక్కి’ అని. హైదరాబాద్‌లో ఉండే మా మామయ్యకి ఇలాంటివి రెండు వచ్చాయి. ఒకే వెండర్, రెండు సైజులు: 3 కిలోవాట్లు, 5 కిలోవాట్లు. మామయ్య మొగ్గు పెద్దదాని వైపే. "సబ్సిడీ రెండింటికీ ఒకటేనట్రా. పెట్టేదేదో పెద్దదే పెట్టేస్తే పోలా?" అన్నారు. ఆ ప్రశ్నకి జవాబు కాగితం మీద కనిపించినంత తేలిక కాదు. ఇలాంటి సందేహంలో చాలామంది ఉంటారు కాబట్టి ఆ లెక్క మొత్తం ఇక్కడ విప్పి చూపిస్తాను.

ముందు కొటేషన్ ఏమంటోందో చూద్దాం. 3 కిలోవాట్ల సిస్టమ్ ధర 1,95,000 రూపాయలు. పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 సబ్సిడీ పోగా చేతి నుంచి పడేది 1,17,000. నెలకి 360 యూనిట్లు తయారవుతాయట. యూనిట్‌కి 9 రూపాయల చొప్పున నెలకి 3,240, ఏడాదికి 38,880 ఆదా. అంటే సరిగ్గా మూడేళ్లు. 5 కిలోవాట్లదైతే ధర 3,00,000. సబ్సిడీ అదే 78,000 కాబట్టి పడేది 2,22,000. నెలకి 600 యూనిట్లు, అదే 9 రూపాయల చొప్పున ఏడాదికి 64,800. మూడేళ్ల ఐదు నెలలు. వెండర్ వాదన ఏమిటంటే, ఐదు నెలలు ఎక్కువ ఆగితే చాలు, ఆ తర్వాత పాతికేళ్లు దాదాపు రెట్టింపు లాభం.

ఈ లెక్కని పరీక్షించడానికి మొదట కావాల్సింది కరెంటు బిల్లులు. ఒక నెలవి కాదు, గత 12 నెలలవి. వేసవి బిల్లు ఒక్కటే చూపించి మాట్లాడే వెండర్ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మామయ్య ఇంటి వాడకాన్ని నేను కొంచెం గుండ్రంగా చేసి మూడు ముక్కలుగా రాసుకున్నాను. మార్చి నుంచి మే దాకా ఏసీలు తిరుగుతాయి కాబట్టి నెలకి 500 యూనిట్లు. జూన్ నుంచి అక్టోబర్ దాకా 400. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా 300. ఏడాదికి మొత్తం 4,700 యూనిట్లు.

తెలంగాణలో గృహ వినియోగదారుడి నెల వాడకం 200 యూనిట్లు దాటితే స్లాబులు ఇలా ఉన్నాయి: మొదటి 200 యూనిట్లకి యూనిట్ 5.10 రూపాయలు, 201 నుంచి 300 దాకా 7.70, 301 నుంచి 400 దాకా 9.00, 401 నుంచి 800 దాకా 9.50. వీటి ప్రకారం మామయ్య ఇంటి ఎనర్జీ ఛార్జీలు వేసవి నెలల్లో 3,640, వానాకాలంలో 2,690, చలికాలంలో 1,790. ఏడాది మొత్తం 31,530 రూపాయలు.

ఇప్పుడు కొటేషన్ వైపు మళ్ళీ చూడండి. ఏడాదంతా కలిపి కట్టేదే 31,530 అయితే 3 కిలోవాట్ల సిస్టమ్ 38,880 ఎలా ఆదా చేస్తుంది? 5 కిలోవాట్లది 64,800 ఎలా మిగిలిస్తుంది? కట్టని బిల్లుని ఎవరూ ఆదా చేయలేరు. ఏ కొటేషన్ వచ్చినా మొదట చేయాల్సిన పరీక్ష ఇదే. వాళ్ళు చెప్పే ఏడాది ఆదాని మీ ఏడాది బిల్లు పక్కన పెట్టండి. ఆదా ఎక్కువగా కనిపిస్తే మిగతా పేజీలు చదవకముందే ఆ పేబ్యాక్, అంటే పెట్టుబడి వెనక్కి వచ్చే కాలం, తప్పని తేలిపోయినట్టే.

తప్పు ఎక్కడ జరిగిందంటే, తయారైన ప్రతి యూనిట్‌కీ 9 రూపాయలు లెక్క కట్టేశారు. సోలార్ యూనిట్లన్నిటికీ ఒకే విలువ ఉండదు. నెట్ మీటర్ ఉన్న ఇంటికి, గ్రిడ్ నుంచి తీసుకున్నదాంట్లోంచి గ్రిడ్‌కి పంపినది తీసేసి, మిగిలిన యూనిట్లకి స్లాబుల ప్రకారం బిల్లు వేస్తారు. కాబట్టి సోలార్ మొదట కొట్టేసేది పైన ఉన్న ఖరీదైన స్లాబులని. మొదట 9.50వి పోతాయి, తర్వాత 9.00వి, తర్వాత 7.70వి. అడుగుకి దిగేకొద్దీ ఒక్కో యూనిట్ విలువ తగ్గుతూ వస్తుంది. అసలు వాడకాన్ని దాటి తయారైన యూనిట్లకైతే స్లాబ్ ధర వర్తించదు. మిగులు తర్వాతి నెలలకి బదిలీ అవుతూ వెళ్లి, సెటిల్‌మెంట్ గడువు నాటికి ఇంకా మిగిలినదానికి కరెంటు పంపిణీ సంస్థ, అంటే డిస్కమ్, తన సగటు విద్యుత్ కొనుగోలు ధర ప్రకారం ఇస్తుంది. నేను దీన్ని యూనిట్‌కి 4 రూపాయలుగా పట్టాను.

తెలంగాణలో ఇంకో మెలిక ఉంది, అది వినియోగదారుడికి అనుకూలమైనదే. నెల యూనిట్లు 200 లోపుకి దిగితే కిందనున్న యూనిట్ల ధర కూడా మారిపోతుంది. 100 దాటి 200 లోపు వాడే ఇంటికి మొదటి వంద 3.40, రెండో వంద 4.80. వంద లోపే వాడితే ధర ఇంకా తక్కువ. అంటే సరిగ్గా 200 యూనిట్ల బిల్లు 820 రూపాయలైతే, 201 యూనిట్ల బిల్లు 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్ తేడాకి రెండు వందలకి పైగా పడుతుంది. కాబట్టి తెలంగాణలో సోలార్ సైజు ఎంచుకునేటప్పుడు ‘బిల్లు సున్నా చేయడం’ కన్నా ‘ఏడాదిలో వీలైనన్ని నెలలు 200 లోపు ఉండడం’ అనే గురి ఎక్కువ పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి గృహాలన్నిటికీ ఒకే వరుస స్లాబులు ఉన్నాయి. అక్కడ పైకి వెళ్ళినా కింది యూనిట్ల ధర మారదు కాబట్టి ఈ దూకుడు కనిపించదు. పై స్లాబుల యూనిట్లకే విలువ ఎక్కువ అన్న మాట మాత్రం అక్కడా నిజమే.

ఇక ఉత్పత్తి. ‘కిలోవాట్‌కి రోజుకి 4 యూనిట్లు, నెలకి 120’ అనేది అందరి నోటా వినిపించే లెక్క. శుభ్రమైన ప్యానెళ్ళు, దక్షిణం వైపు వాలు, నీడ లేని కప్పు ఉంటే ఏడాది సగటు దానికి దగ్గరగా రావచ్చు. హైదరాబాద్ దుమ్ము, పక్కింటి వాటర్ ట్యాంక్ నీడ, పగటిపూట కరెంటు పోయినప్పుడు ప్యానెళ్ళ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఆగిపోవడం కలుపుకుంటే నేను కొంచెం తగ్గించే కడతాను. గ్రిడ్ మీద ఆధారపడే ఇన్వర్టర్ లైన్‌మన్ భద్రత కోసం కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది. కాబట్టి మండుటెండలో కోత పెట్టినా ఆ కాసేపు ఉత్పత్తి పోయినట్టే. కిలోవాట్‌కి నెలకి వేసవిలో 125, వానాకాలంలో 95, చలికాలంలో 115 యూనిట్లు పట్టాను. ఏడాదికి 1,310.

ఈ అంకెలతో 3 కిలోవాట్ల సిస్టమ్ ఒక్కో కాలంలో నెల బిల్లుని ఏం చేస్తుందో చూడండి:

| కాలం | వాడకం | ఉత్పత్తి | బిల్లు పడే యూనిట్లు | పాత బిల్లు | కొత్త బిల్లు |
|---|---|---|---|---|---|
| మార్చి–మే | 500 | 375 | 125 | 3,640 | 460 |
| జూన్–అక్టోబర్ | 400 | 285 | 115 | 2,690 | 412 |
| నవంబర్–ఫిబ్రవరి | 300 | 345 | మిగులు 45 | 1,790 | 0 |

ఏడాది మొత్తం నెల 200 లోపే ఉంది. పాత 31,530 కాస్తా 3,440కి దిగింది. చలికాలంలో మిగిలిన 180 యూనిట్లకి 720 రూపాయలు కలిపితే ఏడాది ఆదా 28,810. నిజానికి ఆ మిగులులో కొంత వేసవి నెలలకి బదిలీ అయితే ఇంకాస్త మేలే జరుగుతుంది, నేను తక్కువే పట్టాను. ‘కొత్త బిల్లు 0’ అంటే ఎనర్జీ ఛార్జీ సున్నా అని మాత్రమే. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ నెలనెలా వస్తూనే ఉంటాయి. ‘జీరో బిల్’ అని రాసిచ్చే వెండర్‌ని ఆ రెండూ ఎవరు కడతారని అడగండి.

ఇదే పద్ధతిలో 5 కిలోవాట్లదీ కట్టాను. వేసవిలో కూడా నెలకి 125 యూనిట్ల మిగులు వస్తుంది, చలికాలంలో 275. ఏడాది మిగులు 1,850 యూనిట్లు. బిల్లు మొత్తం పోతుంది, అంటే 31,530 ఆదా, పైన మిగులుకి 7,400. మొత్తం 38,930. వెండర్ కాగితంలోని 64,800కీ దీనికీ ఎంత దూరం ఉందో చూడండి. పోలిక కోసం వెండర్ ఇవ్వని 2 కిలోవాట్ల సైజుని కూడా నేనే కలిపాను. ధర 1,40,000, సబ్సిడీ 60,000 అనుకుంటే పడేది 80,000. ఏడాది ఆదా 21,190 వస్తుంది.

సబ్సిడీ లెక్క ఇక్కడే చెప్పేస్తాను. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్‌లో మొదటి రెండు కిలోవాట్లకి ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000. అక్కడితో ఆగిపోతుంది. మూడు పెట్టినా, ఐదు పెట్టినా, పది పెట్టినా 78,000 మాత్రమే. "సబ్సిడీ రెండింటికీ ఒకటే" అన్న మామయ్య మాటని అందుకే తిరగేసి చదవాలి. నాలుగో, ఐదో కిలోవాట్లకి సబ్సిడీ అసలు లేదు. వాటిని పూర్తి ధరకి కొంటున్నారు.

తర్వాత నిర్వహణ. చాలా కొటేషన్లలో దీనికి ఒక్క గీత కూడా ఉండదు, లేదా ‘ఐదేళ్లు ఉచితం’ అని ఉంటుంది. పథకం కింద పెట్టిన వెండర్ ఐదేళ్ల పాటు మరమ్మతులు చూడాల్సిన మాట నిజమే. కానీ ప్యానెళ్ళ మీది దుమ్ము కడగడం మామూలుగా ఇంటివాళ్ళ పనే. మేడ మీద ఎత్తు స్ట్రక్చర్ వేసి ఉంటే పెద్దవాళ్ళు ఎక్కి కడగలేరు, మనిషిని పెట్టుకోవాల్సిందే. అంతకన్నా పెద్ద ఖర్చు ఇన్వర్టర్. ప్యానెళ్ళకి పాతికేళ్ల పనితీరు వారంటీ ఉంటుంది. ఇన్వర్టర్‌కి అంత ఆయుష్షు ఉండదు, పది పన్నెండేళ్లకి మార్చాల్సి వస్తుందని పెట్టుకోవడం మంచిది. మూడు కిలోవాట్లకి అదొక 30,000 అనుకుంటే ఏడాదికి 3,000 ఇప్పటి నుంచే పక్కన పెట్టాలి. కడగడానికి నెలకి 200. రెండూ కలిపి 5,400. ఐదు కిలోవాట్లకి ఇదే పద్ధతిలో 7,500, రెండు కిలోవాట్లకి 4,500 వేసుకున్నాను.

| | 2 కిలోవాట్లు | 3 కిలోవాట్లు | 5 కిలోవాట్లు |
|---|---|---|---|
| సబ్సిడీ పోగా ఖర్చు | 80,000 | 1,17,000 | 2,22,000 |
| ఏడాది ఆదా | 21,190 | 28,810 | 38,930 |
| నిర్వహణ | 4,500 | 5,400 | 7,500 |
| చేతికి మిగిలేది | 16,690 | 23,410 | 31,430 |
| పేబ్యాక్ | 4.8 ఏళ్లు | 5 ఏళ్లు | 7.1 ఏళ్లు |

మూడేళ్లన్నది ఐదేళ్లయింది. మూడేళ్ల ఐదు నెలలన్నది ఏడేళ్లు దాటింది. అయినా 3 కిలోవాట్ల సిస్టమ్‌కి ఐదేళ్లంటే నా దృష్టిలో చాలా మంచి లెక్కే. పాతికేళ్లు పనిచేసే వస్తువు ఐదేళ్లలో తన ఖర్చు తాను తెచ్చుకుంటే తప్పు పట్టడానికేమీ లేదు. వెండర్ చెప్పిన అంకె అబద్ధమైనంత మాత్రాన సోలార్ దండగ అనుకోనక్కర్లేదు.

అయితే ఈ పట్టికలో కూడా ఒక విషయం కనబడకుండా ఉంది. 5 కిలోవాట్ల సిస్టమ్‌కి 7.1 ఏళ్లన్నది మొత్తం కలిపి తీసిన సగటు. మొదటి మూడు కిలోవాట్లు చేసే మేలు చివరి రెండింటి నష్టాన్ని కప్పేస్తోంది. మూడుకీ ఐదుకీ మధ్య తేడాని విడిగా తీసి చూద్దాం. అదనంగా పడేది 1,05,000. అదనపు ఆదా 10,120. అందులో అదనపు నిర్వహణ 2,100 తీసేస్తే మిగిలేది 8,020. అంటే ఆ రెండు కిలోవాట్ల ఖర్చు వెనక్కి రావడానికి 13 ఏళ్లు. రెండు నుంచి మూడుకి వెళ్ళే మెట్టుని ఇలాగే చూస్తే 37,000 అదనపు ఖర్చుకి ఏడాదికి 6,720 మిగులుతుంది, అంటే ఐదున్నరేళ్లు. మూడో కిలోవాట్ మంచి బేరం. నాలుగూ ఐదూ కావు.

లక్షా అయిదు వేలు బ్యాంకులో వేసుకుంటే వచ్చే వడ్డీని కూడా కలిపితే తేడా ఇంకా బయటపడుతుంది. ఏడాదికి ఆరున్నర శాతం వడ్డీ అనుకోండి. ఆ లెక్కన 3 కిలోవాట్ల సిస్టమ్ వడ్డీతో సహా తన ఖర్చు తెచ్చుకోవడానికి ఆరేళ్ల మూడు నెలలు పడుతుంది. అదనపు రెండు కిలోవాట్లకైతే 30 ఏళ్లు. ప్యానెల్ వారంటీయే పాతికేళ్లు. అంటే ఆ డబ్బు అక్కడ పెట్టడం కన్నా ఎఫ్‌డీలో ఉంచుకోవడమే మేలు. డిస్కమ్ మిగులుకి 4 బదులు 5 రూపాయలిచ్చినా అదనపు రెండు కిలోవాట్ల మామూలు పేబ్యాక్ 13 నుంచి పదకొండేళ్లకి దగ్గరగా వస్తుందే తప్ప మూడో కిలోవాట్ దరిదాపుల్లోకి రాదు.

"మరి కరెంటు ఛార్జీలు పెరుగుతాయి కదా?" అని మామయ్య అడిగారు. కొటేషన్‌లో కూడా ఏడాదికి 5 శాతం పెరుగుదల వేసి పాతికేళ్ల ఆదాని లక్షల్లో చూపించారు. పెరగవచ్చు. కానీ తెలంగాణలో గృహ స్లాబు ధరలు 2022 ఏప్రిల్‌లో పెరిగాక తర్వాతి మూడేళ్లూ కదల్లేదు. ఆ కాలంలో ఏటా 5 శాతం చొప్పున ఆశించి లెక్క వేసుకున్నవాళ్ళ అంకె అప్పటికే పదిహేను శాతం పైగా తప్పింది. అందుకే నేను పెరుగుదలని సున్నాగా పెట్టి పేబ్యాక్ చూస్తాను. సున్నాతో కూడా నిలబడే సిస్టమ్‌కి రేట్లు పెరిగితే అది అదనపు లాభం. పెరిగితేనే గట్టెక్కే సిస్టమ్ అయితే దాన్ని కొనకపోవడమే నయం.

ఇప్పుడు 3 కిలోవాట్ల లెక్కని కొంచెం ఒత్తి చూద్దాం, ఎక్కడ విరుగుతుందో తెలియాలి కాబట్టి. ఉత్పత్తి నేననుకున్న దానికన్నా 15 శాతం తగ్గిందనుకోండి. నీడ వల్లో, సరిగ్గా కడగకపోవడం వల్లో. మళ్ళీ స్లాబుల్లో వేసి చూస్తే ఏడాది ఆదా 28,810 నుంచి 26,200కి మాత్రమే తగ్గింది. అంటే తొమ్మిది శాతం. కారణం, ఇంకా అన్ని నెలలూ 200 లోపే ఉన్నాయి, పోయినవి చవక స్లాబు యూనిట్లు. పేబ్యాక్ అయిదేళ్ల ఏడు నెలలు అవుతుంది. ప్యానెళ్ళ సామర్థ్యం ఏటా అర శాతం చొప్పున తగ్గడం కూడా ఇదే కారణంగా మొదటి అయిదారేళ్లలో పెద్దగా నొప్పించదు.

అదే సబ్సిడీ రాలేదనుకోండి. 1,95,000ని 23,410తో భాగిస్తే ఎనిమిదేళ్ల నాలుగు నెలలు. ఉత్పత్తి తగ్గడం కన్నా సబ్సిడీ తప్పడం చాలా పెద్ద దెబ్బ. కొటేషన్‌లో దీన్ని ముందే తీసేసి చూపించడం వల్ల అది చేతిలో ఉన్న డబ్బులా అనిపిస్తుంది, కానీ కాదు. సిస్టమ్ బిగించి, నెట్ మీటర్ పెట్టి, డిస్కమ్ తనిఖీ అయ్యాక మీ బ్యాంక్ ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా ఆ 78,000 మీరో, వెండరో, లోన్ ఇచ్చిన బ్యాంకో భరించాలి. ఎవరన్నది కాగితం మీద ఉండాలి.

సబ్సిడీ ఆగిపోయే దారుల్లో పెద్దది ప్యానెళ్ళ రకం. దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్ళకే, అంటే డీసీఆర్ ప్యానెళ్ళకే ఈ సబ్సిడీ వర్తిస్తుంది. దిగుమతి సెల్స్‌తో చేసినవి చవగ్గా దొరుకుతాయి. ఒక కొటేషన్ మిగతావాటి కన్నా బాగా తక్కువ ధర వేసి, కింద మళ్ళీ 78,000 సబ్సిడీ కూడా తీసేసి చూపిస్తుంటే మొదట అడగాల్సింది ‘ఇవి డీసీఆరేనా?’ అని. నోటి మాట చాలదు. తయారీదారు ఇచ్చే డీసీఆర్ సర్టిఫికెట్‌లోని సీరియల్ నంబర్లు మీ మేడ మీదికి వచ్చిన ప్యానెళ్ళ నంబర్లతో కలవాలి. బిగించేశాక వెనకవైపు స్టిక్కర్ చదవడం కష్టం, లారీలోంచి దించినప్పుడే ఫోటో తీసుకోండి. రెండోది పేరు. కరెంటు సర్వీసు తాతగారి పేరు మీద, దరఖాస్తు మనవడి పేరు మీద, బ్యాంక్ ఖాతా ఇంకొకరిది అయితే ఫైలు అక్కడే కూర్చుంటుంది. సర్వీసు పేరు మార్పు ముందు చేయించుకుని ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వాలి.

ధర విషయంలో ఒక్క మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మీ కొటేషన్‌లో పన్నుని విడిగా చూపించమనండి. ఎత్తు స్ట్రక్చర్, ఎర్తింగ్, నెట్ మీటర్ ఖర్చు అందులో ఉన్నాయా లేవా అన్నది కూడా. ఇవి చివర్లో ‘ఎక్స్‌ట్రా’ కింద వచ్చి ఒక ఇరవై వేలు కలిస్తే మన 3 కిలోవాట్ల పేబ్యాక్ పది నెలలు వెనక్కి జరుగుతుంది.

పెద్ద సిస్టమ్ ఎప్పుడూ తప్పే అని నేను అనడం లేదు. వాడకం పెరగబోతుంటే లెక్క మారుతుంది. మామయ్య ఇంట్లో ఎలక్ట్రిక్ కారు కొని, ఇంట్లోనే ఛార్జ్ చేస్తూ నెలకి ఇంకో 150 యూనిట్లు వాడారనుకోండి. అప్పుడు 3 కిలోవాట్లతో వేసవిలో 275, వానాకాలంలో 265 యూనిట్లకి బిల్లు పడి, ఎనిమిది నెలలు 200 గీత దాటిపోతాయి. ఆ ఖరీదైన యూనిట్లని అదనపు రెండు కిలోవాట్లు కొట్టేస్తాయి కాబట్టి వాటి విడి పేబ్యాక్ 13 ఏళ్ల నుంచి ఎనిమిదేళ్ల పైచిలుకుకి దిగుతుంది. అప్పుడు ఆలోచించొచ్చు. కారు ఎప్పుడో కొంటామన్న ఆశ మీద ఇవాళే లక్ష పెట్టడం మాత్రం నేను ఒప్పుకోను. కప్పు మీద చోటు ఎక్కడికీ పోదు.

రెండో వైపు, చిన్న సిస్టమ్‌ని కూడా తీసిపారేయకండి. చేతిలో డబ్బు తక్కువుంటే 2 కిలోవాట్లు పేబ్యాక్‌లో మూడుకి ఏమాత్రం తీసిపోలేదు. దాంతో వానాకాలంలో నెలకి 210 యూనిట్లకి బిల్లు పడుతుంది. గీజర్ వాడకం కాస్త తగ్గించి ఆ పది యూనిట్లు దించితే బిల్లు 1,097 నుంచి 820కి పడిపోతుంది. ఐదు నెలలకి దాదాపు పద్నాలుగు వందలు.

రేషన్ కార్డు ఉండి, గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడుతూ సున్నా బిల్లు పొందుతున్న ఇంటికైతే ఏ సైజూ వద్దు. లేని బిల్లులోంచి ఆదా రాదు. ఇలాంటి ఇళ్లకి కూడా ‘మూడేళ్ల’ కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు, అదే నాకు బాధ.

మామయ్య చివరికి మూడుకే ఒప్పుకున్నారు. వెండర్‌తో కొటేషన్ తిరగ రాయించాం. డీసీఆర్ అని, ఇన్వర్టర్ వారంటీ ఎన్నేళ్లో, ఆ వారంటీలో మనిషి వచ్చి మార్చే ఖర్చు ఎవరిదో, సబ్సిడీ తమ లోపం వల్ల ఆగితే బాధ్యత ఎవరిదో రాశాక, ఆఖరి పది శాతం డబ్బు నెట్ మీటర్ తిరిగాకే అని పెట్టాం.

బిగించాక లెక్క నిలబడుతోందో లేదో తెలుసుకోవడానికి కరెంటు బిల్లు ఒక్కటే సరిపోదు. పగలు ఇంట్లోనే వాడేసిన సోలార్ యూనిట్లు నెట్ మీటర్ దాకా రావు, అది గ్రిడ్ నుంచి వచ్చినదాన్నీ గ్రిడ్‌కి పోయినదాన్నీ మాత్రమే కొలుస్తుంది. మొత్తం ఉత్పత్తి ఇన్వర్టర్ యాప్‌లో కనిపిస్తుంది. నా అంకెల ప్రకారం 3 కిలోవాట్ల సిస్టమ్ సగటున రోజుకి వేసవిలో 12 యూనిట్లు, వానాకాలంలో 9, చలికాలంలో పదకొండున్నర ఇవ్వాలి. మబ్బు లేని ఏప్రిల్ రోజున 9 దగ్గర ఆగిపోతే ముందు ప్యానెళ్ళు కడిగించి మర్నాడు మళ్ళీ చూడాలి. కడిగినా పెరగకపోతే ఉదయం తొమ్మిదికీ సాయంత్రం నాలుగుకీ మేడ ఎక్కి నీడ ఎక్కడ పడుతోందో చూడాలి. నీడ కూడా లేదంటే ప్యానెళ్ళ మధ్య కనెక్టర్ వదులైందో, ఒక ప్యానెల్ పాడైందో. అది మొదటి ఐదేళ్లలో వెండర్ ఉచితంగా చేయాల్సిన పని. యాప్ స్క్రీన్‌షాట్ తేదీతో సహా పంపి పిలిపించుకోవాలి.